సంచి పేరులోనే సరుకు తెలియాలి
బమ్రోలి బజారులో పండుగ ప్యాకెట్ల నామకరణంపై ఒక పరిశీలన

సూరత్ నగరానికి దక్షిణాన, పాండేసరా పారిశ్రామిక వాడను ఆనుకొని ఉన్న ప్రాంతం బమ్రోలి. మరమగ్గాల చప్పుడు పగలూ రాత్రీ వినిపించే ఈ వీధులలో ఒడిశా, ఉత్తరప్రదేశ్, బీహార్, మహారాష్ట్రల నుండి వచ్చిన శ్రామికులతో పాటు, తెలంగాణ జిల్లాల నుండి తరలివచ్చిన తెలుగు నేత కుటుంబాలు కూడా నివసిస్తున్నాయి. దీపావళికి మగ్గాలు ఆగుతాయి. చేతికి వచ్చిన బోనసు డబ్బుతో ఇంటిల్లిపాదికీ సరుకులు కొనేది ఆ నాలుగు రోజులలోనే. కిరాణా దుకాణాల ముందు వరుసగా కట్టి ఉంచిన పండుగ సంచులు కనిపించేదీ అప్పుడే.

గత దీపావళికి ముందు ఒక సాయంకాలం మేము అటువంటి ఒక దుకాణంలో రెండు గంటలు గడిపాము. యజమాని తెలుగువారు. ఆయన మూడు రకాల సంచులు కట్టించి, వాటికి లక్ష్మి, ధనలక్ష్మి, మహాలక్ష్మి అని పేర్లు పెట్టారు. పేర్లు శుభప్రదమైనవి, అట్టమీద అక్షరాలు అందమైనవి. అయినా వచ్చిన ప్రతివారూ అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఇండ్ల ఏమున్నయి అన్నా?" ఆ మాటకు జవాబు చెప్పడానికి యజమాని కుమారుడు ఒక్కొక్కరికి ఒక్కొక్క సంచి మూతి విప్పి చూపవలసి వస్తున్నది. వెనుక నిలబడినవారు కొందరు విసుగుతో పక్క దుకాణానికి వెళ్లిపోవడం మేము కళ్లారా చూశాము.

ఇంతలో ఒక తల్లి ముందునాడు కొనుక్కుపోయిన సంచితో తిరిగి వచ్చింది. ఆమె పిండివంటలకు పెద్ద సంచి కావాలని అడిగిందట. రద్దీలో కుర్రవాడు 'మహా' అన్న మాటను బట్టి మహాలక్ష్మి సంచి చేతికిచ్చాడు. వెల 260 రూపాయలే అనగా, పండుగ తగ్గింపు కాబోలని ఆమె సంతోషించింది. సంచి బరువుగానే ఉంది. ఇంటికి వెళ్లి విప్పితే అందులో ఉన్నవి మట్టి ప్రమిదలు, వత్తులు, దీపాల నూనె, పసుపు, కుంకుమ, అగరువత్తులు! పిల్లలు అప్పటికే అగరువత్తుల పెట్టె చింపారు. "పండుగ రేపనంగ ఇప్పుడు నేను దేంతోని వండాలె?" అని ఆమె అడిగిన ప్రశ్నకు దుకాణంలో ఎవరివద్దా సమాధానం లేదు. యజమాని సంచిని వెనక్కు తీసుకున్నారు. "తప్పు నీది గాదక్కా, పేరుది" అని ఆయన అన్న మాటే ఈ వ్యాసానికి మూలం.

దేవతల పేర్లు ఏం చెప్పలేకపోయాయి?

లక్ష్మి, ధనలక్ష్మి, మహాలక్ష్మి అన్న మూడు పేర్లలో ఏది పెద్దది, ఏది చిన్నది? భక్తునికి ఆ ప్రశ్నే తోచదు. కొనుగోలుదారుకు మాత్రం అదే మొదటి ప్రశ్న. ఆ సంచులలో ఉన్న సరుకును మేము దుకాణం లెక్కల ప్రకారం రాసుకున్నాము.

లక్ష్మి సంచిలో ఒక కిలో రవ్వ, ఒక కిలో శనగపిండి, రెండు కిలోల పంచదార, ఒక లీటరు పల్లీ నూనె ఉన్నాయి. విడిగా కొంటే రవ్వ 45, శనగపిండి 100, పంచదార 90, నూనె 180, మొత్తం 415 రూపాయలు. సంచి వెల 395. ధనలక్ష్మిలో కిలో రవ్వ, రెండు కిలోల శనగపిండి, మూడు కిలోల పంచదార, రెండు లీటర్ల పల్లీ నూనె, అర కిలో నెయ్యి ఉన్నాయి. విడిగా 1,060 రూపాయలు, సంచిగా 1,010. మహాలక్ష్మి వీటి జాతిదే కాదు. అది దీపపూజకు కావలసిన సామగ్రి, వెల 260.

అనగా మొదటి రెండూ ఒకే పనికి ఉద్దేశించిన చిన్న, పెద్ద సంచులు. మూడవది వేరే పనికి ఉద్దేశించినది. మూడింటినీ ఒకే కుటుంబపు పేర్లతో పిలవడం వలన ఈ తేడా మరుగున పడింది. పైగా 'మహా' అన్న మాట అన్నింటికంటే తక్కువ వెల గల సంచికి తగిలించడంతో కొనేవారి ఊహ తలకిందులైంది. పేర్లు ఒక వరుసలో ఉన్నట్లు కనబడితే, వినేవారు వాటిని చిన్నదాని నుండి పెద్దదానికి పోయే మెట్లుగా తీసుకుంటారు. సరుకు ఆ మెట్ల ప్రకారం లేనప్పుడు అటువంటి పేర్లు వాడరాదు.

పేరే సరుకైన సందర్భాలు

చిత్రమేమిటంటే, ఇందుకు మంచి ఉదాహరణలు సూరత్ వీధులలోనే ఉన్నాయి. దసరా నాడు ఈ నగరంలో మిఠాయి దుకాణాల ముందు జనం బారులు తీరేది 'ఫాఫ్డా–జలేబీ' కోసం. శరత్ పూర్ణిమ మరునాడు వచ్చే చాందనీ పడ్వా పండుగకు సూరత్ వారు తినేది 'ఘారీ–భూసు'. ఘారీ నేతితో చేసే తీపి వంటకం, భూసు కారపు తినుబండారాల మిశ్రమం. సంక్రాంతికి, వారి మాటలో ఉత్తరాయణానికి, 'ఉంధియు–జలేబీ' జంట ఉండనే ఉంది. వీటికి ఎవరూ ప్రత్యేకంగా నామకరణం చేయలేదు. రెండు వస్తువుల పేర్లు పక్కపక్కన చేరి జంట పేరైనాయి. ఆ పేరు విన్నవారు లోపల ఏముందని అడగరు.

మన తెలుగులోనూ 'పప్పు బెల్లాలు', 'పసుపు కుంకుమ' అన్నవి ఇటువంటి పేర్లే. ఇంకొక రకం కూడా మనకు ఉంది. 'స్వయంపాకం' అనగానే ఒక పూట వంటకు కావలసిన బియ్యం, పప్పు, కూరగాయలు, చింతపండు, ఉప్పు, నెయ్యి మన కళ్లకు కడతాయి. 'సారె', 'తాంబూలం', 'వాయనం' అన్న మాటలూ అంతే. ఆచారమే ఆ పేర్లలో సరుకుల జాబితాను దాచి ఉంచింది. ఇటువంటి మాటను సంచికి పెట్టుకోవడం తెలివైన పనే. అయితే అందులో ఆచారం చెప్పిన వస్తువులు ఉండి తీరాలి. పసుపు లేని వాయనం, పప్పు లేని స్వయంపాకం కొన్నవారికి, పేరు లేని సంచి కొన్నవారికంటే ఎక్కువ కోపం వస్తుంది.

రెండు వస్తువులున్నప్పుడు రెంటి పేర్లూ చెప్పవచ్చు. నాలుగైదు ఉన్నప్పుడు అన్నీ పేరులో పట్టవు. అక్కడే అసలు సమస్య మొదలవుతుంది.

185 రూపాయలు, తొమ్మిది సరుకులు

ఈ సమస్యను పెద్ద ఎత్తున ఎదుర్కొన్న పథకం ఒకటి మన పాఠకులలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2013 ఉగాదికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చౌకధరల దుకాణాల ద్వారా 'అమ్మహస్తం' పేరిట ఒక సరుకుల సంచిని ప్రవేశపెట్టారు. కందిపప్పు, పామాయిల్, గోధుమపిండి, గోధుమలు, పంచదార, ఉప్పు, కారం, చింతపండు, పసుపు కలిపి వెల 185 రూపాయలు.

'అమ్మహస్తం' అన్న పేరు ఆప్యాయంగా ఉంది. కాని లోపలి సరుకును గూర్చి అది ఏమీ చెప్పదు. ఆ పని చేసినది పేరు పక్కన నడిచిన రెండవ వాక్యం: "185 రూపాయలకే తొమ్మిది సరుకులు." ఎన్ని, ఎంతకు అన్న రెండు సంఖ్యలు చేరగానే పథకం జనానికి అర్థమైంది.

అయితే 'తొమ్మిది' అన్న సంఖ్యలో ఒక మెలిక ఉంది. కిలో కందిపప్పు ఒక సరుకే, వంద గ్రాముల పసుపూ ఒక సరుకే. ఆనాటి ధరల పట్టిక ప్రకారం పప్పుకు 50, లీటరు పామాయిల్‌కు 40 రూపాయలు. అంటే ఈ రెండింటికే 90 రూపాయలు, సంచి వెలలో దాదాపు సగం. మిగిలిన ఏడు సరుకులూ కలిసి తక్కిన సగం. కాబట్టి సరుకుల సంఖ్య ఒక్కటే విలువకు కొలబద్ద కాజాలదు. అగ్గిపెట్టె, కర్పూరం బిళ్ళలు, దారపు ఉండ కలిపితే నాలుగు సరుకుల సంచి తేలికగా ఏడు సరుకుల సంచి అవుతుంది. విలువ మాత్రం పది, పదిహేను రూపాయలే పెరుగుతుంది.

దీనికి భిన్నమైన మార్గం 2022 దీపావళికి మహారాష్ట్రలో కనిపించింది. అక్కడి ప్రభుత్వం 'ఆనందాచా శిధా' పేరుతో రేషన్ కార్డుదారులకు నూరు రూపాయలకు నాలుగు సరుకులు ఇచ్చింది. రవ్వ, శనగపప్పు, పంచదార ఒక్కొక్క కిలో, పామాయిల్ ఒక లీటరు. శిధా అంటే మన స్వయంపాకం వంటిదే, వండుకోవడానికి ఇచ్చే పచ్చి సరుకు. ఈ పేరులో మొదటి మాట ఆనందాన్ని, రెండవ మాట వస్తువు స్వభావాన్ని చెబుతున్నాయి. కొలతలన్నీ ఒక్కటిగా ఉండటం మరొక సౌకర్యం. "నూరు రూపాయలు, నాలుగు సరుకులు, ఒక్కొక్కటి ఒక్కొక్క కొలత" అంటే చదువురానివారు సైతం ఒక్కసారి విని ఇంటివద్ద తిరిగి చెప్పగలరు. సంచిలో ఏమి పెట్టాలో నిర్ణయించేటప్పుడే పేరును దృష్టిలో ఉంచుకుంటే ఇటువంటి సౌలభ్యం కలుగుతుంది. సరుకులన్నీ కట్టిన తరువాత పేరు వెతికితే అంత సులభం కాదు.

బమ్రోలి సంచులకు కొత్త పేర్లు

తిరిగి మన దుకాణానికి వద్దాము. ఆ రాత్రి దుకాణం కట్టేసిన తరువాత యజమాని, ఆయన కుమారుడు, మేము కూర్చుని పేర్లు మార్చాము. కొనేవారి మనసులో వరుసగా వచ్చే మూడు ప్రశ్నలను ఆధారం చేసుకున్నాము. ఇది దేనికి? ఇందులో ముఖ్యమైనది ఏది, ఎంత? వెల ఎంత?

మొదటి ప్రశ్నకు జవాబుగా 'పిండివంటల సంచి', 'దీపపూజ సంచి' అన్న రెండు పేర్లు నిలిచాయి. పొరపాటు జరిగిన చోటు ఇదే గనుక, ఆ మాట అన్నింటికంటే పెద్ద అక్షరాలలో ఉండాలని అనుకున్నాము.

రెండవ ప్రశ్నకు సరుకులన్నీ పేర్కొననవసరం లేదు. వెలలో ఎక్కువ భాగం ఏ వస్తువుదో దానిని చెబితే చాలు. లక్ష్మి సంచి సరుకు 415 రూపాయలలో నూనె ఒక్కటే 180. పైగా కొనేవారికి అనుమానం ఉండేదీ నూనె మీదనే. సూరత్ ప్రాంతంలో పల్లీ నూనెతో పాటు పత్తిగింజల నూనె వాడకం కూడా ఎక్కువ, రెంటి ధరలు వేరు. కేవలం 'నూనె' అని రాస్తే కొందరు పల్లీ అనుకొని కొంటారు, మరికొందరు చవక నూనె అయి ఉంటుందని వదిలివేస్తారు. కనుక 'పల్లీ నూనె 1 లీటరు, మరి 3 సరుకులు' అని స్పష్టం చేశాము. పెద్ద సంచికి అదే పేరు ఉంచి, 'పల్లీ నూనె 2 లీటర్లు, మరి 4 సరుకులు' అన్నాము. ఒకే పనికి ఉద్దేశించిన సంచులకు ఒకే పేరు ఉండి, కొలత మాత్రం మారితే ఏది పెద్దదో వేరుగా చెప్పనక్కరలేదు.

కుమారుడు మొదట 'అయిదు కిలోల సంచి' అని పెట్టుదామన్నాడు. కాని అందులో నాలుగు కిలోలు పొడి సరుకు, ఒక లీటరు నూనె. లీటరు పల్లీ నూనె తూకానికి సుమారు 910 గ్రాములే వస్తుంది. లీటర్లను కిలోలతో కలిపి చెప్పిన లెక్క తక్కెడలో నిలవదు, తూచి చూసినవారు దుకాణాన్నే శంకిస్తారు. ఆ ఆలోచన విరమించుకున్నాము.

ఆ విధంగా మూడు పేర్లు తేలాయి. 'పిండివంటల సంచి: పల్లీ నూనె 1 లీటరు, మరి 3 సరుకులు, రూ.395.' 'పిండివంటల సంచి: పల్లీ నూనె 2 లీటర్లు, మరి 4 సరుకులు, రూ.1,010.' 'దీపపూజ సంచి: 21 ప్రమిదలు, వత్తులు, నువ్వుల నూనె అర లీటరు, మరి 3 సరుకులు, రూ.260.' లక్ష్మీదేవి బొమ్మను మాత్రం అట్ట పైభాగాన అలాగే ఉంచారు.

పూర్తి జాబితా పేరులో లేకపోయినా సంచిమీద ఉండి తీరాలి. తూనికలు కొలతల శాఖ అమలు చేసే 2011 నాటి ప్యాకేజీ సరుకుల నిబంధనల ప్రకారం, ఒకటికి మించిన వస్తువులున్న ప్యాకేజీపై ప్రతి వస్తువు పేరు, దాని సంఖ్య లేక పరిమాణం పేర్కొనాలి. పేరు ఆ జాబితాకు సంక్షిప్త రూపమే గాని ప్రత్యామ్నాయం కాదు.

ఎంత ఆదా అన్న మాటలో నిజాయితీ

'విలువ' చూపించడంలోనే ఎక్కువ మంది దుకాణదారులు దారి తప్పుతారు. లక్ష్మి సంచిలో నిజమైన ఆదా 20 రూపాయలు. అయితే నూనె ప్యాకెట్టుపై ముద్రించిన గరిష్ఠ ధర 210 రూపాయలు, దుకాణంలో ప్రతిదినం అమ్మే ధర 180. గరిష్ఠ ధరతో లెక్క కడితే విడి సరుకు 445 అవుతుంది, ఆదా 50 రూపాయలుగా కనబడుతుంది. కాగితం మీద అది అబద్ధం కాదు. కాని నిన్న అదే దుకాణంలో 180కి నూనె కొన్న గృహిణికి అది అబద్ధమే. ఆమె ఒకసారి వేళ్లమీద లెక్కపెట్టి చూసుకున్నదంటే, ఆ దుకాణంలో మరే అంకెనూ నమ్మదు. కనుక 'మా దుకాణంలో విడిగా రూ.415, సంచిగా రూ.395' అని రెండు అంకెలూ పక్కపక్కన రాయడం మేలని నిర్ణయించారు.

శాతాలు రాయలేదు. చిన్న సంచిలో 20 రూపాయలు, పెద్ద సంచిలో 50 రూపాయలు ఆదా. శాతంలో చూస్తే రెండూ ఇంచుమించు ఒకటే, అయిదుకు కొంచెం తక్కువ. అనగా పెద్ద సంచి కొన్నంత మాత్రాన చవక రాదు, ఎక్కువ సరుకు వస్తుంది, అంతే. 'మహా ఆదా సంచి' అని పేరు పెడితే చిన్న కుటుంబాలు అవసరానికి మించి కొని, శనగపిండి పురుగు పట్టించుకుంటాయి.

'అగరువత్తులు ఉచితం' అన్న అట్టనూ తీసివేశారు. సంచి వెలలో కలిసి ఉన్న వస్తువును ఉచితమని చెప్పరాదని, తప్పుదోవ పట్టించే ప్రకటనల నివారణకు 2022లో వెలువడిన కేంద్ర మార్గదర్శకాలు చెబుతున్నాయి. అగరువత్తులు జాబితాలో ఒక సరుకుగా చేరాయి.

అయిదు భాషల వీధి

బమ్రోలిలో ఇంకొక చిక్కు ఉంది. ఒకే దుకాణానికి తెలుగు, గుజరాతీ, హిందీ, మరాఠీ, ఒడియా మాట్లాడేవారు వస్తారు. అన్ని లిపులూ అట్టమీద పట్టవు. అంకెలు మాత్రం అందరికీ తెలిసిన 1, 2, 3 రూపంలోనే వేయించారు, గుజరాతీ అంకెలు తక్కినవారికి అర్థం కావు గనుక. మాటలను గుజరాతీలో, హిందీలో, తెలుగులో రాయించారు.

ఇక్కడ ఒక మాట జాగ్రత్త. మరాఠీలో 'సాఖర్' అంటే పంచదార. గుజరాతీలో దానికి దగ్గరగా వినిపించే 'సాకర్' అంటే పటికబెల్లం, పంచదారను 'ఖాండ్' అంటారు. మరాఠీ తెలిసిన కుర్రవాడు గుజరాతీ అట్టపై 'సాకర్' అని రాసి ఉంటే మరొక తల్లి సంచి పట్టుకొని తిరిగి వచ్చేదే. పల్లీ నూనె గుజరాతీలో 'సింగ్‌తేల్'. ప్రతి భాషలోని పేరునూ ఆ భాష ఇంట్లో మాట్లాడేవారిచేత చదివించి చూడటం తప్పనిసరి.

పేరు పనిచేస్తున్నదో లేదో ఎట్లా తెలుస్తుంది?

మరునాడు చేసిన పరీక్ష చాలా తేలికైనది. దుకాణం గడపకు మూడడుగుల దూరంలో ఒకరిని నిలబెట్టి, సంచిని అయిదు లెక్కపెట్టేంత సేపు చూపి, ఆపై గుడ్డ కప్పి "ఇది దేనికి? ఎంతకు?" అని అడగడమే. సంచులను అంతకుముందు చూడనివారినే అడగాలి. దుకాణం మనుషులకు జవాబు ముందే తెలుసు గనుక వారిపై పరీక్ష పనికిరాదు. మొదటి అట్టపై చాలామంది వెల చెప్పగలిగారు గాని 'దీపపూజ' అన్న మాట చూడలేదు. కారణం వెల అక్షరాలు మరీ పెద్దవి కావడమే. వాటిని తగ్గించి, పని తెలిపే మాటను పెంచారు.

రెండవ పరీక్ష కాగితం, పెన్సిలు. "ఏమున్నయి?" అని ఎవరైనా అడిగినప్పుడల్లా కుమారుడు ఒక గీత గీశాడు. సాయంకాలానికి గీతలు ఉన్నాయి గాని, సంచుల మూతులు విప్పడం చాలావరకు ఆగిపోయింది. మిగిలిన ప్రశ్నలు కూడా మారాయి. "ఇండ్ల నెయ్యి ఉన్నదా?", "ప్రమిదలు వద్దు, నూనె ఒక్కటే ఇస్తవా?" అని అడగసాగారు. అవి సరుకు తెలిసినవారు అడిగే ప్రశ్నలు.

ఎంత మంచి పేరైనా చేయలేని పని ఒకటి ఉంది. కొనేవారికి అక్కరలేని సరుకు సంచిలో ఉంటే పేరు దానిని దాచకూడదు, దాచలేదు కూడా. రవ్వ వద్దన్నవారికి విడిగా అమ్మే ఏర్పాటు ఉండవలసిందే.

మన కాలనీలలోని సహకార భాండారాలు కూడా ప్రతి సంవత్సరం దసరాకు, సంక్రాంతికి సంచులు కడుతుంటాయి. 'శుభోదయం', 'సౌభాగ్యం' వంటి పేర్లు మేమూ కొన్ని సూచించినవారమే. ఈసారి కార్యవర్గం పేరు నిర్ణయించేముందు, సంచి సరుకు ఎన్నడూ చూడని ఒక గృహిణిని పిలిచి అయిదు లెక్కపెట్టి చూడమని మా మనవి.

ఆ తల్లి సంగతి చెప్పనే లేదు. యజమాని ఆమెకు చిన్న పిండివంటల సంచి ఇచ్చి, 260 పోను మిగిలిన 135 రూపాయలు పండుగ తరువాత ఇమ్మన్నారు. చింపిన అగరువత్తుల పెట్టెను పిల్లలకే వదిలేశారు. ఆమె సంచి ఎత్తుకొని, వెళ్లేముందు మూతి విప్పి నూనె ప్యాకెట్టు ఒకసారి తడిమి చూసుకుంది. కొత్త అట్టలు అప్పటికి ఇంకా రాయలేదు.